‘దేఖేంగే’ అనే జవాబు

పోయిన నెల మా డెస్క్‌లో ఒక సబ్ ఎడిటర్ నౌకరీ ఖాళీ పడింది. వార్తల వెబ్‌సైట్‌లో రాత్రి షిఫ్టు. డెబ్బై దాకా దరఖాస్తులొచ్చాయి. కాపీ టెస్ట్ దాకా పదకొండు మంది మిగిలారు. ఆఖరి ఇంటర్వ్యూకి ఇద్దరే వచ్చారు. వాళ్లలో ఒకరిని తీసుకున్నాం. రెండో మనిషికి ‘కాదు’ అని రాసే పని నా మీద పడింది.

ఇరవై ఏళ్లుగా రాయడమే నా రోజీరోటీ. ప్రమాదాల వార్తలు రాశాను, పెద్దమనుషులు పోతే అరగంటలో సంతాపం రాసిచ్చాను. ఈ చిన్న మెయిల్‌కి మాత్రం సాయంత్రమంతా పట్టింది. ఎందుకు పట్టిందో చెబుదామని ఇది రాస్తున్నాను. మన ఇళ్లలో ఇప్పుడు ఇటు అంతా ఉన్నారు, అటు అంతా ఉన్నారు. నౌకరీ కోసం తిరిగే పిల్లలూ ఉన్నారు, దుకాణాల్లో, బడుల్లో, ఆఫీసుల్లో మనుషుల్ని పనిలో పెట్టుకునేవాళ్లూ ఉన్నారు.

మొదట హెచ్చార్ వాళ్ల దగ్గరున్న నమూనా తెప్పించుకున్నాను. ఇంగ్లీషులో ఉంది. దాని సారాంశం ఇది: మా సంస్థ మీద మీరు చూపిన ఆసక్తికి ధన్యవాదాలు, మీ ప్రొఫైల్ మమ్మల్ని ఎంతగానో ఆకట్టుకుంది, గట్టి పోటీ ఉన్నందువల్ల ప్రస్తుతానికి మీతో ముందుకు వెళ్లలేకపోతున్నాం, మీ రెజ్యూమె మా రికార్డుల్లో ఉంచుకుంటాం, తగిన అవకాశం వస్తే తప్పక సంప్రదిస్తాం, మీ భవిష్యత్తు బాగుండాలి.

చదవడానికి ఎంత షరాఫత్‌గా ఉందో చూడండి. ఒక్క చెడ్డ మాట లేదు. కానీ ‘మిమ్మల్ని తీసుకోలేదు’ అనే మాట కూడా ఎక్కడా లేదు. ‘ప్రస్తుతానికి’ అన్నారు, అంటే తర్వాత ఉందేమో. ‘రికార్డుల్లో ఉంచుకుంటాం’ అన్నారు, అంటే ఎవరో ఆ ఫైలు తీసి చూస్తారేమో. రాసినవాళ్లకి ఇవి రివాజుగా రాసే మాటలు. చదివేవాళ్లు అలా చదవరు. నౌకరీ లేని ఇంట్లో ఆ మెయిల్‌ని అబ్బా ఒకసారి, భాయ్ ఒకసారి, పక్కింటి టీచర్ ఒకసారి చదివి ప్రతి లఫ్జుకీ అర్థం తీస్తారు. అంతా కలిసి చివరికి తేల్చేది ఒకటే: ‘నహీఁ తో నహీఁ బోలే నా?’ కాదని అయితే అనలేదు కదా.

ఈ జబాన్ మనకి కొత్త కాదు. రిష్తాల దగ్గర చూస్తూనే ఉంటాం. పిల్ల నచ్చలేదని ఎవరూ చెప్పరు. ‘దేఖేంగే’ అంటారు, ‘ఇంట్లో పెద్దవాళ్లతో మష్వరా చేసి చెబుతాం’ అంటారు, మరీ మొహమాటమైతే ఇస్తిఖారా సరిగా రాలేదంటారు. చాయ్ తాగి, బిస్కెట్లు తిని, నవ్వుతూ సలాం చెప్పి వెళ్తారు. పిల్ల తల్లి మాత్రం ఫోన్ మోగినప్పుడల్లా ఉలిక్కిపడుతుంది. చెప్పినవాళ్ల తెహజీబ్ చెడలేదు, ఖర్చంతా విన్నవాళ్లది.

ఆ ఖర్చు నాకు తెలుసు. డిగ్రీ అయిన కొత్తలో ఒక పత్రికలో ఆఖరి ఇంటర్వ్యూ దాకా వెళ్లాను. ఉర్దూ మీడియంలో చదివి తెలుగు డిగ్రీ చేశావా అని ముచ్చటపడ్డారు, నాతో రెండు గంటలు మాట్లాడారు. లేచేటప్పుడు ‘మేమే ఫోన్ చేస్తాం’ అన్నారు. మాకు ఫోన్ లేదు. వీధి చివర కిరాణా దుకాణం నంబరు పి.పి. అని రాసిచ్చాను. అమ్మీ రోజూ సాయంత్రం ఏదో ఒక సామాను వంకతో ఆ దుకాణానికి వెళ్లేది. ఒకరోజు ఉప్పు, ఒకరోజు అగ్గిపెట్టె. ఫోన్ వచ్చిందా అని అడగడానికి ఖాళీ చేతులతో వెళ్లడం ఆమెకి షరం. అదే సమయంలో ఒక ప్రైవేటు స్కూల్లో ఉర్దూ, తెలుగు రెండూ చెప్పే నౌకరీ వస్తే, పత్రిక నుంచి పిలుపు వస్తుంది కదా అని వద్దన్నాను. రెండు నెలల తర్వాత నేనే వెళ్లి కనుక్కుంటే, ఆ ఖాళీ మూడో వారంలోనే నిండిపోయిందని గేటు దగ్గర వాచ్‌మన్ చెప్పాడు. అప్పటికి స్కూల్లో కూడా ఎవరినో పెట్టుకున్నారు. తీసుకోనందుకు ఆ పత్రిక మీద నాకు షికాయత్ లేదు. మూడో వారంలో ఒక కార్డు ముక్క రాసి ఉంటే నాకో నౌకరీ ఉండేది.

ఇక మా డెస్క్ సంగతి. ఝూటీ ఉమ్మీద్ అంతా మెత్తని మనసుల వల్లే వస్తుందనుకుంటే పొరపాటు. దాని వెనక హిసాబ్ కూడా ఉంటుంది. మేం ఎంచుకున్న అబ్బాయికి ఇప్పుడున్న చోట అరవై రోజుల నోటీసు ఉంది. ఆ రెండు నెలల్లో మనిషి జారిపోవడం మామూలే. పాత కంపెనీ జీతం పెంచి ఆపుకుంటుంది, లేదా మా ఆఫర్ లెటర్ చూపించి ఇంకోచోట ఎక్కువ అడుగుతాడు. అందుకని హెచ్చార్ మేడమ్ ఒక సలహా ఇచ్చింది: ‘రెండో అమ్మాయికి ఇప్పుడే ఏమీ చెప్పకండి సార్. ఇతను జాయిన్ అయ్యేదాకా చేతిలో ఉంచుకుందాం.’

అంటే ఆ అమ్మాయి మాకు స్టెప్నీ. డిక్కీలో పడి ఉంటుంది, పంక్చర్ అయితే తీస్తాం, లేకపోతే లేదు. స్టెప్నీకి తను స్టెప్నీ అని తెలియదు. ఆఖరి ఇంటర్వ్యూ తర్వాత వచ్చే నిశ్శబ్దాల్లో చాలావాటి అసలు సంగతి ఇదే. ‘ప్రాసెస్‌లో ఉంది’ అని రోజుల తరబడి వింటున్న పిల్లలు ఇది గుర్తుపెట్టుకోవాలి.

నేను మేడమ్‌ని ఒక్క సవాల్ అడిగాను. ఇప్పుడు సాఫ్‌గా ‘కాదు’ అని రాసేస్తే, రేపు అబ్బాయి రాకపోతే ఆమెకి ఫోన్ చేయకుండా మనల్ని ఎవరు ఆపుతారు? నంబరు మన దగ్గరే ఉంటుంది. ‘పరిస్థితి మారింది, మీరు ఇంకా ఖాళీగా ఉంటే రండి’ అనొచ్చు. ఆమె ఇంకోచోట చేరిపోయి ఉంటే అది ఆమె హక్కు. స్పష్టంగా కాదని చెప్పడం వల్ల కంపెనీకి పైసా నుక్సాన్ లేదు. పోయేదల్లా ఆమెను మనకోసం కూర్చోబెట్టే వీలు. ఆ వీలు మనది కాదు. మేడమ్ కాసేపు ఆలోచించి ‘సరే, మీరే రాయండి’ అంది.

కాకపోతే మొదటి మనిషి జవాబిచ్చేదాకా రెండో మనిషికి కాదనకూడదు. అతను ఆఫర్‌ని అసలు ఒప్పుకోకపోతే ఈమెను తీసుకునేవాళ్లమే కాబట్టి, ఆ కొద్దిరోజులు ఆమె నిజంగానే లెక్కలో ఉంది. మా అబ్బాయి ఆరు రోజులు తీసుకున్నాడు. ఆ మధ్యలో ఆమెకి రెండు వాక్యాలు పంపాను: ‘నిర్ణయం ఇంకా పూర్తి కాలేదు. వచ్చే గురువారం సాయంత్రంలోగా అవును, కాదు ఏదో ఒకటి చెబుతాను.’ ఇందులో పని చేసేది తారీఖు. ‘త్వరలో’ అని రాస్తే అది మళ్లీ దేఖేంగేనే. బుధవారం అబ్బాయి రాతపూర్వకంగా ఒప్పుకున్నాడు. గురువారం నేను రాయడానికి కూర్చున్నాను.

మొదటి ముసాయిదా నాకే సిగ్గుగా అనిపించింది. నాలుగు వాక్యాలు ఆమెను పొగిడి, ఐదో వాక్యంలో కాదన్నాను. పొగడ్త చదువుతూ ఆమె మొహం వికసించడం, ఐదో వాక్యం దగ్గర వాడిపోవడం కళ్ల ముందు కనిపించింది. బలికి ముందు మేకకి పూలదండ వేసినట్టుంది. పైగా, నౌకరీ ఇవ్వకుండా ఇంత తారీఫ్ చేస్తే చదివేవాళ్లకి సహజంగా వచ్చే ప్రశ్న ఒకటే: ఇంత బాగుంటే ఎందుకు తీసుకోలేదు?

రెండోసారి కారణం రాయబోయాను. చెయ్యి ఆడలేదు. కారణం చెబితే వాదనకి దిగుతారని, కోర్టుకి వెళ్తారని కంపెనీలు భయపడతాయి. ఆ భయం పూర్తిగా తప్పని అనను. ‘మీ స్వభావం మా టీముకి సరిపోదు’ లాంటి మాట రాస్తే దానికి రుజువు ఉండదు, గొడవ తప్పదు. అందుకని నాకో షరతు పెట్టుకున్నాను. మేం ముగ్గురం కూర్చుని ఇద్దరిలో ఒకరిని ఎంచుకున్నప్పుడు ఏ మాట మీద తేల్చామో అదే రాయాలి. అది ఆమె స్వయంగా పరీక్షించుకోగలిగేదై ఉండాలి. పని గురించి ఉండాలి, మనిషి గురించి కాదు.

మేం తేల్చింది కాపీ టెస్ట్ మీద. ఇంగ్లీషు ఏజెన్సీ వార్త ఇచ్చి, ముప్పై నిమిషాల్లో నూట యాభై మాటల తెలుగు వార్తగా శీర్షికతో సహా చేయమన్నాం. ఆమె తెలుగు చూసి ముచ్చటేసింది. కానీ యాభై నిమిషాలు తీసుకుంది. పైగా ఒక అంకె తప్పు పోయింది. వార్తలో 1.2 మిలియన్లు అని ఉంది. మిలియన్ అంటే పది లక్షలు, కాబట్టి అది 12 లక్షలు కావాలి. ఆమె 1.2 లక్షలు అని రాసింది. తెలుగు డెస్కుల్లో ఈ గుంటలో పడనివాళ్లు తక్కువ, నేనూ పడ్డాను. పగటి షిఫ్టు అయితే పైనున్నవాళ్లు పట్టుకుంటారు. రాత్రి పదిన్నర దాటాక మా డెస్క్‌లో ఒక్కరే ఉంటారు. వాళ్లు నొక్కిన మీటతోనే వార్త బయటికి పోతుంది.

ఇదంతా ఇంగ్లీషులో రాయాలా అని కూడా ఆలోచించాను. ఆమెతో మాట్లాడినదంతా తెలుగులోనే. కాదనేటప్పుడు మాత్రం ఇంగ్లీషు తెర వెనక్కి వెళ్లడం నాకు నచ్చలేదు. చివరికి వెళ్లిన మెయిల్ ఇది.

విషయం: సబ్ ఎడిటర్ ఉద్యోగం, మా నిర్ణయం

…… గారికి,

సబ్ ఎడిటర్ ఉద్యోగానికి మిమ్మల్ని తీసుకోవడం లేదు. వేరొకరిని ఎంచుకున్నాం, వారు ఒప్పుకున్నారు.

ఇది రాత్రి ఒంటరిగా చేయాల్సిన పని కాబట్టి వేగం, అంకెల సరిచూపు మాకు ముఖ్యం. కాపీ టెస్ట్‌కి మేం పెట్టుకున్న గడువు ముప్పై నిమిషాలు, మీకు యాభై పట్టింది. మిలియన్లను లక్షల్లోకి మార్చడంలో ఒక తప్పు వచ్చింది. మా నిర్ణయం ఈ రెంటి మీదే జరిగింది.

మీ భాష దీనికి కారణం కాదు. చెరువు వార్తకి మీరు పెట్టిన శీర్షిక గురించి మీరు వెళ్లాక కూడా మేం మాట్లాడుకున్నాం.

మా దగ్గర ఇప్పుడు వేరే ఖాళీ లేదు. మీ చేతిలో వేరే అవకాశం ఉంటే మా కోసం ఆపుకోవద్దు.

మీరిచ్చిన జీతం స్లిప్పులు, ఆధార్ కాపీ తొలగించాం. కర్నూలు నుంచి రెండుసార్లు వచ్చిన బస్సు ఛార్జీలు ఈ నెల 20లోగా మీ ఖాతాలో వేస్తాం.

టెస్ట్ గురించి వివరంగా తెలుసుకోవాలనుకుంటే రేపు, ఎల్లుండి సాయంత్రం 4 నుంచి 6 మధ్య నాకు ఫోన్ చేయండి. నిర్ణయం మారదు. చేయకపోయినా ఏమీ అనుకోను. మాకిచ్చిన సమయానికి షుక్రియా.

ఇంతే. ‘విచారిస్తున్నాం’ అని రాసి కొట్టేశాను. నా విచారం ఆమెకి ఏ పనికీ రాదు. ‘నిరుత్సాహపడకండి’ అని కూడా రాయలేదు. రెండుసార్లు రాత్రి బస్సెక్కి వచ్చిన మనిషికి ఎలా ఫీలవ్వాలో నేనెవరిని చెప్పడానికి? ‘భవిష్యత్తులో తప్పక సంప్రదిస్తాం’ అనే వాక్యం దగ్గర మాత్రం చాలాసేపు ఆగాను. ఆ మాట రాయాలంటే నా డైరీలో ఒక తారీఖు ఉండాలి, ఆ రోజు నేను నిజంగా ఫోన్ చేయాలి. అలాంటి తారీఖు నాకు తెలియదు. కాబట్టి రాయలేదు.

జీతం స్లిప్పుల సంగతి చాలామంది పట్టించుకోరు. ఆఖరి రౌండ్‌లోనే మూడు నెలల స్లిప్పులు, ఆధార్, సర్టిఫికెట్లు అడిగి తీసుకోవడం మన దగ్గర అలవాటైపోయింది. ఇచ్చినవాళ్లకి అది సగం నౌకరీ వచ్చినట్టే. కాగితాలు ఇంకా వాళ్ల దగ్గరే ఉన్నాయంటే మాట ఇంకా నడుస్తోందని అర్థం చేసుకుంటారు. తొలగించామని చెబితే లెక్క ముగిసినట్టు.

ఫోన్ చేసి చెప్పడమే మర్యాద అని వాదించేవాళ్లున్నారు. మా ఎడిటర్ కూడా అదే అన్నారు. నాకు అలా అనిపించదు. ఫోన్‌లో కాదని విన్న మనిషి ఆ క్షణంలోనే ‘పర్లేదు సార్, థాంక్యూ సార్’ అనాల్సి వస్తుంది. గొంతు వణకకుండా చూసుకోవాలి. చుట్టూ ఎవరున్నారో మనకి తెలియదు. మెయిల్ అయితే తలుపేసుకుని చదువుకోవచ్చు, తర్వాత కావాలంటే తనే ఫోన్ చేయొచ్చు. అందుకే పగలు ఆమె ఆఫీసులో ఉండే వేళ కాకుండా సాయంత్రం ఏడింటికి పంపాను.

కారణం రాయాలని నేనింతగా పట్టుబట్టడానికి మా ఇంటి సంగతి ఒకటుంది. మా ఆపా కొడుకు బీటెక్. ఒక కంపెనీలో నాలుగు రౌండ్లు దాటాక హెచ్చార్ నమూనా లాంటి మెయిలే వచ్చింది. కారణం లేదు. ఆ రాత్రి దస్తర్‌ఖాన్ దగ్గర ఎవరూ సరిగా తినలేదు. దుల్హాభాయ్ నెమ్మదిగా అన్నాడు, ‘నామ్ దేఖ్‌కే ఛోడ్ దియే హోంగే.’ పేరు చూసి వదిలేసి ఉంటారు. వాడేమీ అనలేదు. ఆ తర్వాత దరఖాస్తుల్లో పేరుని పొట్టి అక్షరాల్లోకి కుదించి రాయడం మొదలుపెట్టాడు.

దుల్హాభాయ్ అనుమానం ఊరికే పుట్టింది కాదు. సుఖదేవ్ థోరాట్, పాల్ అటివెల్ అనే ఇద్దరు పరిశోధకులు పత్రికల్లో వచ్చిన ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకి ఒకే రకం చదువున్న దరఖాస్తులు వేర్వేరు పేర్లతో పంపి చూశారు. అగ్రకుల హిందూ పేర్లతో పోలిస్తే ముస్లిం పేర్లకి, దళిత పేర్లకి పిలుపులు తక్కువ వచ్చాయి. అది 2007లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో అచ్చయింది. అది దరఖాస్తు గడప దగ్గరి సంగతి. నాలుగు రౌండ్లు దాటినవాడి విషయంలో ఏం జరిగిందో నాకు తెలియదు, వాడికీ తెలియదు. ఎప్పటికీ తెలియదు. అదే ఆ మెయిల్ చేసిన పని. నిజంగా వాడికి కోడింగ్‌లో ఏదో తక్కువై ఉంటే అది దిద్దుకునేవాడు. కారణం తెలియక పేరుని దిద్దుకున్నాడు.

కారణం రాసినంత మాత్రాన అది నిజమైన కారణమే అయి ఉండాలని లేదు. పేరు చూసి వదిలేసినవాడు కూడా ‘వేగం తక్కువ’ అని రాయగలడు. కానీ ముప్పై నిమిషాలు, యాభై నిమిషాలు, 1.2 మిలియన్లు అని రాసినప్పుడు చదివే మనిషికి తన టెస్ట్ కాగితం గుర్తొస్తుంది. నిజమో కాదో తనే తేల్చుకోగలుగుతుంది. ‘గట్టి పోటీ’ అనే మాటని దేనితో సరిచూసుకుంటాం?

శుక్రవారం సాయంత్రం ఐదింటికి ఆమె ఫోన్ చేసింది. గొంతు మామూలుగానే ఉంది. కోపం వచ్చిందని దాచుకోకుండా చెప్పింది. గడువు ముప్పై నిమిషాలని టెస్ట్ కాగితం మీద రాసి లేదంది. తీసి చూశాను. నిజమే, రాసి లేదు. నోటితో చెప్పామని మేం అనుకున్నాం. ఆమె కూర్చున్న గదిలో ఎవరు చెప్పారో, అసలు చెప్పారో లేదో మా ముగ్గురిలో ఎవరికీ గుర్తులేదు. మాఫీ అడిగాను. నిర్ణయం మారదని మళ్లీ చెప్పాల్సి రావడం ఆ మెయిల్ రాయడం కన్నా కష్టమైంది. అంకె తప్పు మాత్రం తనదేనని ఒప్పుకుంది. మిలియన్లు ఎలా గుర్తుపెట్టుకుంటారని అడిగింది. నేను చేసే చిట్కా చెప్పాను: మిలియన్ పక్కనున్న అంకెని పదితో గుణించి లక్షలు అని రాయడం, రాశాక ఒకసారి బయటికి చదవడం.

కర్నూల్లో ఒక స్థానిక చానల్ వాళ్లు పిలిచి పది రోజులైందట. మా జవాబు కోసం ఆపి ఉంచిందట. సోమవారం వెళ్తున్నానని చెప్పింది.

మరుసటి వారం టెస్ట్ కాగితం పైన గడువు ముద్ర వేయించాను. హెచ్చార్ మేడమ్ నా మెయిల్‌ని కొత్త నమూనాగా పెట్టుకుంటానని అడిగి తీసుకుంది. రెండు రోజుల తర్వాత చూస్తే అందులో బస్సు ఛార్జీల వాక్యం మాయమైంది. అకౌంట్స్ వాళ్లు ఒప్పుకోవడం లేదంది. వాళ్లతో కూర్చుని, ఆఖరి ఇంటర్వ్యూకి పిలిచినవాళ్ల వరకైనా ఒప్పించి, ఆ వాక్యం మళ్లీ పెట్టించాను.